140 స్లైడ్లు, ఒక్క రాత్రి

రేపే మెడిసిన్ ఇంటర్నల్స్. డయాబెటిక్ కీటోఅసిడోసిస్ మీద సార్ ఇచ్చినవి 140 స్లైడ్లు. చదవడం మొదలెట్టేముందు వాటిని మూడు కుప్పలు చేయండి.

తెలియకపోతే పేషెంట్ ప్రాణం మీదకొస్తుందా? అయితే అది తప్పక తెలియాల్సిందే. ముందు సెలైన్, పొటాషియం చూశాకే ఇన్సులిన్. పొటాషియం 3.5 లోపుంటే ఇన్సులిన్ ఆపాలి. ఇన్సులిన్ ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి తోసేస్తుంది, గుండె లయ తప్పుతుంది.

హైపరాస్మోలార్ స్టేట్‌తో తేడాలు రెండో కుప్ప. 1921లో టొరంటోలో ఇన్సులిన్ ఎలా దొరికిందన్నది మూడోది, కథ బాగుంటుంది కానీ ఇవాళ కాదు.

స్లైడ్లను కాదు, లైన్లను విడదీయండి. అసలు పొటాషియం ముక్క ఏ కిక్కిరిసిన స్లైడు అడుగునో ఉంటుంది. సగానికి మించి మొదటి కుప్పలోనే పడ్డాయా? మళ్లీ వడకట్టండి.