ఎరుపు కంటే ముందు నొప్పి చెబుతుంది

వానాకాలంలో ఆస్పత్రికి కాలు ఎర్రగా వాచి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. రోజంతా బురదలో నానిన పాదాలు, పాచిపోయిన వేళ్ల సందులు, ఎప్పుడో గుచ్చుకున్న ముల్లు, షుగర్ వల్ల స్పర్శ తగ్గి తెలియకుండా పడిన పుండు: సూక్ష్మజీవి లోపలికి రావడానికి ఇందులో ఏ ఒక్కటైనా చాలు. వీళ్లలో ఎక్కువమందికి ఉండేది సెల్యులైటిస్. అంటే చర్మానికీ, దాని కిందున్న కొవ్వు పొరకూ సోకిన ఇన్ఫెక్షన్. కాలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకుంటే నొప్పి పుడుతుంది. చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది. స్ట్రెప్టోకాకస్‌కు సరిపడే యాంటీబయాటిక్ మొదలుపెట్టి కాలు ఎత్తు మీద పెట్టుకుంటే రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది. అయిదు రోజుల మందుతో చాలావరకు నయమవుతుంది.

కొద్దిమందిలో మాత్రం ఇన్ఫెక్షన్ ఇంకా లోతుకు దిగుతుంది. కండరాలను కప్పి ఉండే ఫేషియా అనే పొరను పట్టుకుని, దాని వెంబడే గంటల్లో పాకుతుంది. దీన్ని నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ అంటారు. మాంసం తినే బ్యాక్టీరియా అని పేపర్లలో రాసేది దీని గురించే. నిజానికి బ్యాక్టీరియా మాంసాన్ని తినదు. అది వదిలే విషాలు అక్కడి సన్నటి రక్తనాళాల్లో రక్తాన్ని గడ్డకట్టిస్తాయి. రక్తం అందని ఫేషియా, కొవ్వు చచ్చిపోతాయి. పైనున్న చర్మానికి రక్తం తెచ్చే నాళాలు ఆ పొర గుండానే వస్తాయి కాబట్టి చివరికి చర్మమూ చస్తుంది. ఈ వరసే ముఖ్యం. ముందు లోపల చచ్చి, ఆ తర్వాతే పైకి కనిపిస్తుంది. అందుకే మొదటి రోజు చర్మం చూస్తే మామూలు సెల్యులైటిస్ లాగే ఉంటుంది, ఒక్కోసారి అంత కూడా ఉండదు.

ఇది ఎలా ముదురుతుందో చూడటానికి ఒక ఊహాజనిత రోగిని తీసుకుందాం. యాభై దాటిన రైతు, షుగర్ ఉంది, మందులు సరిగా వేసుకోడు. సోమవారం సాయంత్రం పొలం నుంచి వచ్చేసరికి మడమ దగ్గర సలుపు, రాత్రికి చలిజ్వరం. మంగళవారం ఉదయం చీలమండ చుట్టూ అరచేయంత ఎరుపు. ఊళ్లోని ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చి, యాంటీబయాటిక్ బిళ్ళలు రాశాడు. మధ్యాహ్నానికి నొప్పి కాస్త అణిగింది. రాత్రి మళ్లీ మొదలై, కాలు మంచం మీద ఆనించనివ్వలేదు. ఎరుపు చీలమండ దగ్గరే ఉంది గానీ, భార్య పిక్క మీద చెయ్యి వేస్తే అరిచాడు.

ఈ వ్యాధిని పట్టించే మొదటి గుర్తు ఆ అరుపే. సెల్యులైటిస్‌లో ఎరుపు ఉన్నంత మేరే నొప్పి ఉంటుంది. ఇక్కడ నొప్పి ఎరుపును దాటి పోతుంది, పైకి కనిపించే దానికి పొంతన లేనంత తీవ్రంగా ఉంటుంది. ఎందుకంటే ఇన్ఫెక్షన్ అప్పటికే చర్మం కింద పిక్క దాకా వెళ్లింది, చర్మానికే ఆ కబురు ఇంకా అందలేదు. మంగళవారం రాత్రి అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఉంటే పరిస్థితి చాలా వేరుగా ఉండేది. నొప్పి మాత్రలూ ఇంజెక్షన్లూ ఆ గుర్తును కప్పేస్తాయి. వాటికి తోడు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా ఎక్కిస్తే జ్వరం, ఎరుపు కాసేపు తగ్గుతాయి, ఒంటికున్న ప్రతిఘటనా తగ్గుతుంది. ఎర్రబడి వాచిన కాలికి, లోపల ఏముందో తేలకుండా, ఈ రెండు ఇంజెక్షన్లూ కలిపి పొడవడం నా దృష్టిలో ప్రమాదకరమైన అలవాటు.

బుధవారం ఉదయానికి ఎరుపు వన్నె మారింది. కొంత మేర ఊదా రంగుకు తిరిగింది. పాదం మీద నల్లటి నీటితో బొబ్బ లేచింది. కాలు బిగుసుకుపోయి, వేలితో నొక్కినా లొత్త పడడం లేదు. "ఇప్పుడు నొప్పి లేదే, మొద్దుబారినట్టుంది" అన్నాడతను. ఇంట్లోవాళ్లు కాస్త ఊపిరి పీల్చుకున్నారు. అసలు భయపడవలసింది అప్పుడే. తగ్గింది జబ్బు కాదు, ఆ చర్మానికి స్పర్శనిచ్చే నరాలు చచ్చిపోయాయి. ఒంటి గంటకు ఆస్పత్రి చేరేసరికి బీపీ 90/60, నాడి నిమిషానికి 126, అడిగినదానికి పొంతన లేని జవాబులు.

ఊదా రంగు, బొబ్బలు, మొద్దుబారడం, నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడడం: వీటినే పుస్తకాల్లో ప్రధాన లక్షణాలుగా రాస్తారు. ఇవన్నీ ఆలస్యంగా వచ్చేవి. గాలి చప్పుడైతే చాలామందిలో అసలు రాదు. ఎక్స్‌రేలో గాలి లేదు కాబట్టి ఇది కాదనుకోవడం పొరపాటు. తెల్లకణాలు, సోడియం, క్రియాటినిన్, సీఆర్‌పీ వంటి ఆరు రక్త పరీక్షలకు మార్కులు వేసి చూసే ఎల్‌రినెక్ అనే స్కోరు 2004 నుంచి వాడుకలో ఉంది. మార్కులు ఎక్కువొస్తే అనుమానం బలపడుతుంది. తక్కువొచ్చాయని మాత్రం రోగిని ఇంటికి పంపకూడదు, ఈ వ్యాధి ఉన్నవాళ్లలో కూడా తక్కువ మార్కులు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. సీటీ స్కాన్ తోడ్పడుతుంది, కానీ దానికోసం ఆపరేషన్ ఆపకూడదు.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. ఎరుపు ఎక్కడిదాకా ఉందో బాల్‌పెన్‌తో గీత గీసి, పక్కనే టైము రాయండి. సెల్యులైటిస్‌లో కూడా మందు మొదలుపెట్టిన తొలి రోజు ఎరుపు గీతను కొంచెం దాటవచ్చు. అయితే అప్పటికే జ్వరం, నొప్పి తగ్గుముఖం పడతాయి, మనిషి తేరుకుంటాడు. మందు పడుతున్నా గంట గంటకూ గీత దాటుతూ, మనిషి నీరసించిపోతూ, గుండె వేగంగా కొట్టుకుంటూ, మాట తడబడుతుంటే తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి, రాత్రిపూట కూడా సర్జన్, ఆపరేషన్ థియేటర్, ఐసీయూ ఉండే ఆస్పత్రికి వెళ్లాలి. మరుగు భాగాల్లో విపరీతమైన నొప్పి, వాపు వచ్చినా ఇదే మాట. ఆ చోట వచ్చే ఇదే జబ్బును ఫోర్నియర్ గాంగ్రీన్ అంటారు. షుగర్ ఉన్న మగవాళ్లలో ఎక్కువ, సిగ్గుతో దాచుకునేవాళ్లూ ఎక్కువే.

మళ్లీ మన రైతు దగ్గరికి వద్దాం. అనుమానం మిగిలినప్పుడు తేల్చేది కత్తే. మత్తు ఇచ్చి రెండు సెంటీమీటర్ల కోత పెట్టి ఫేషియా దాకా వెళ్తారు. బతికున్న కణజాలమైతే రక్తం చిమ్ముతుంది, పొరలు వేలికి లొంగవు. ఇతనిలో రక్తం రాలేదు. చీము కూడా రాలేదు. కుడితిలా బూడిదరంగు నీళ్లు కారాయి. సర్జన్ వేలు పెట్టి తోస్తే చర్మం, కొవ్వు కండరం మీద నుంచి ఏ పట్టూ లేకుండా విడిపోయాయి. ఇక స్కాన్ అక్కర్లేదు.

"ముందు మందులు వాడి చూడండి డాక్టర్ గారూ, రేపు చూద్దాం" అన్నాడు కొడుకు. కాలు కోస్తారనే భయం ఎవరికైనా సహజం. "ఎక్కిస్తున్నాం బాబూ, కానీ చచ్చిన పొరలోకి రక్తం పోవడం లేదు. రక్తం పోనిచోటికి మందు ఎలా పోతుంది?" అన్నాడు సర్జన్. ఆపరేషన్ ఎందుకో చెప్పడానికి ఇంతకు మించిన వివరణ లేదు. ఆస్పత్రికి వచ్చిన 6 గంటల లోపు ఆపరేషన్ జరిగినవారిలో మరణాలు సుమారు 19 శాతం, ఆ తర్వాత జరిగినవారిలో సుమారు 32 శాతం ఉన్నట్టు, పాత అధ్యయనాలన్నీ కలిపి 2020లో చేసిన సమీక్షలో తేలింది. పొద్దున్న చూద్దాం అనే మాటకు పడే మూల్యం అది.

మొదటి ఆపరేషన్‌లో చచ్చినదంతా తీసేస్తూ, కోసినచోట రక్తం వచ్చే దాకా వెళ్తారు. గాయం మోకాలి నుంచి పాదం దాకా తెరిచే ఉంటుంది, కుట్లు వేయరు. చూసినవాళ్లకు కళ్లు తిరుగుతాయి, కానీ మిగిలిన కాలిని కాపాడేది ఆ పెద్ద గాయమే. 24 గంటల్లో మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి, ఇంకేమైనా చచ్చిందేమో చూసి తీస్తారు. రెండు, మూడుసార్లు ఇలా చేయవలసి రావడం మామూలే. అది మొదటి ఆపరేషన్ విఫలమైందని కాదు.

యాంటీబయాటిక్స్ ఆపరేషన్‌కు ముందే, అనుమానం రాగానే సెలైన్‌తో పాటు మొదలవుతాయి. ఏ సూక్ష్మజీవో కల్చర్‌లో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందుకని మొదట్లో వల విశాలంగా వేయాలి. షుగర్ రోగుల్లో తరచు నాలుగైదు రకాల బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. వాటికోసం పిపరాసిల్లిన్-టాజోబాక్టమ్ గానీ మెరోపెనెమ్ గానీ ఇస్తారు. మామూలు మందులకు లొంగని స్టాఫైలోకాకస్ కోసం వాంకోమైసిన్ లేదా లైనజోలిడ్ కలుపుతారు. మూడోది క్లిండామైసిన్. స్ట్రెప్టోకాకస్ విషం తయారు చేయడాన్ని ఆపడం దీని పని. పెన్సిలిన్ జాతి మందులు బ్యాక్టీరియాను చంపుతాయి గానీ, విషం తయారీని నేరుగా ఆపలేవు. కల్చర్ రిపోర్టు వచ్చాక అవసరం లేనివి తీసేస్తారు.

కోస్తా వాళ్లు డాక్టరుకు తప్పక చెప్పవలసిన సంగతి ఇంకొకటుంది. దెబ్బ తగిలింది ఉప్పునీటిలోనా, రొయ్యల చెరువులోనా, పీత గిల్లిందా అనేది చెప్పాలి. అలాంటి నీళ్లలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా, ముఖ్యంగా కాలేయం దెబ్బతిన్నవారిలో, ఒక్క రోజులోనే ప్రాణం మీదికి తెస్తుంది. దానికి డాక్సీసైక్లిన్‌ను సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మందుతో కలిపి ఇవ్వాలి. చెరువు మాట ఎవరూ చెప్పకపోతే డాక్సీసైక్లిన్ రాయాలని డాక్టరుకు తట్టకపోవచ్చు.

ఇక ఆపరేషన్‌లో తీయవలసింది ఏమీ మిగలక, మనిషి తేరుకుని, జ్వరం లేకుండా రెండు మూడు రోజులు గడిచాక యాంటీబయాటిక్స్ ఆపుతారు. గాయం అడుగున ఎర్రటి కొత్త కండ పెరగగానే తొడ మీది పలచటి చర్మం తీసి అతుకుతారు. అది అంటుకుందో లేదో సాధారణంగా అయిదో రోజు కట్టు విప్పినప్పుడు తెలుస్తుంది. ఈ వారాలన్నీ ఇన్సులిన్‌తో షుగర్‌ను అదుపులో ఉంచాలి, లేకపోతే అతికిన చర్మం నిలవదు.