గొంతు క్యాన్సర్: వైరస్‌ది వేరు, పొగాకుది వేరు

2002లో అమెరికాలో ఒక క్లినికల్ ట్రయల్ మొదలైంది. నోటిలోనో గొంతులోనో ముదిరిన క్యాన్సర్ ఉన్న 743 మంది అందులో చేరారు. వైద్యులు తేల్చుకోవాలనుకున్న విషయం చిన్నదే. రేడియేషన్‌ను మామూలుగా ఏడు వారాలపాటు ఇవ్వాలా, కొన్ని రోజులు రెండేసి సార్లు ఇచ్చి ఆరు వారాల్లో ముగించాలా? రెండు వర్గాలకూ సిస్‌ప్లాటిన్ అనే మందు కూడా ఎక్కించారు. కొన్నేళ్లు గడిచాక లెక్క చూస్తే రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అక్కడితో ఆ ట్రయల్‌ను అందరూ మరిచిపోయేవారే. కానీ రోగుల గొంతుల నుంచి తీసిన ముక్కలు మైనపు దిమ్మల్లో భద్రంగా ఉన్నాయి. కియాన్ ఆంగ్, మౌరా గిలిసన్, వారి సహచరులు వాటిని మళ్లీ బయటికి తీశారు. టాన్సిల్స్, నాలుక మొదలు ఉండే మధ్య గొంతులో క్యాన్సర్ వచ్చిన 323 మంది ముక్కల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, ఉందేమో వెతికారు. 206 మందిలో కనిపించింది. చికిత్స మొదలైన మూడేళ్లకు వైరస్ ఉన్నవారిలో నూటికి 82 మంది బతికి ఉన్నారు. లేనివారిలో 57 మందే. మందు అదే, రేడియేషన్ అదే, అందరిదీ ముదిరిన దశే. 2010లో అచ్చయిన ఈ ఫలితం తర్వాత, గొంతు క్యాన్సర్ అనే ఒకే పేరు కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయన్న సంగతిని వైద్యలోకం ఇక పక్కన పెట్టలేకపోయింది.

ఆ రెండూ పుట్టే తీరులోనే తేడా మొదలవుతుంది. పొగ నోట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఊపిరితిత్తుల దాకా దారి పొడవునా తగులుతుంది. చుట్టైనా, బీడీ అయినా, సిగరెట్ అయినా అంతే. ఏళ్ల తరబడి తగిలిన ఆ రసాయనాలు బుగ్గ, నాలుక, గొంతు, స్వరపేటిక అన్నిటి పైపొరనూ కొంచెం కొంచెంగా చెడగొడతాయి. ఎక్కడ ఎక్కువ తగిలితే అక్కడ దెబ్బ ఎక్కువ. ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో చుట్టను వెలిగించిన కొసను నోటి లోపల పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది, ముఖ్యంగా ఆడవాళ్లలో. వారికి మిగతాచోట్ల అరుదుగా కనిపించే అంగిటి క్యాన్సర్ రావడాన్ని విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే గమనించి రాశారు.

వైరస్ దారి అది కాదు. దానికి కావలసింది టాన్సిల్స్, నాలుక మొదలు. అక్కడి పైపొర నున్నగా ఉండదు, లోతైన సన్నని గుంటలతో ఉంటుంది. గుంటల అడుగున పొర పలచగా, జల్లెడలా ఉంటుంది. బయటి నుంచి వచ్చిన క్రిముల్ని లోపలి రక్షణ కణాలకు చూపించడానికి శరీరం చేసుకున్న ఏర్పాటది. హెచ్‌పీవీ ఆ సందుల్లోనే దూరుతుంది. ఈ వైరస్‌లో చాలా రకాలున్నా, గొంతు క్యాన్సర్ విషయంలో పదింట తొమ్మిది వంతుల పాపం 16వ రకానిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణమైనదీ అదే. లైంగిక సంబంధాల ద్వారా, ముఖ్యంగా నోటి ద్వారా జరిగే వాటితో, గొంతుకు చేరుతుంది. చాలామందిలో శరీరమే దాన్ని ఒకటి రెండేళ్లలో తుడిచేస్తుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠవేసి, క్యాన్సర్‌గా మారడానికి దశాబ్దాలు తీసుకుంటుంది. అందుకే ఇది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందని భార్యాభర్తలు ఒకరినొకరు నిలదీసుకోవడంలో అర్థం లేదు. ఆ లెక్క ఏ పరీక్షా తేల్చలేదు.

వైరస్ తెచ్చిన క్యాన్సర్ చికిత్సకు ఎందుకు త్వరగా లొంగుతుంది? దీనికి జవాబు పి53 అనే ప్రొటీన్ దగ్గర మొదలవుతుంది. ప్రతి కణంలోనూ ఉండే ఈ ప్రొటీన్ డీఎన్‌ఏకు దెబ్బ తగిలిందని తెలియగానే కణాన్ని ఆపుతుంది. బాగుచేయడం కుదరకపోతే చనిపొమ్మని ఆదేశిస్తుంది. రేడియేషన్ చేసేది డీఎన్‌ఏను తెగ్గొట్టడమే కాబట్టి, ఆ దెబ్బకు కణం చావాలంటే చాలావరకు పి53 పనిచేయాలి. పొగాకు క్యాన్సర్లలో ఎక్కువ వాటిలో పి53ను తయారుచేసే జన్యువే పాడైపోయి ఉంటుంది. పుస్తకంలో పేజీయే చినిగిపోయిందన్నమాట. ఎంత రేడియేషన్ ఇచ్చినా చావమని చెప్పేవాడు లేడు.

వైరస్ ఆ పేజీని ముట్టుకోదు. పేజీ చూసి రాసుకున్న కాగితాన్ని లాక్కుపోతుంది. దాని ఇ6 అనే ప్రొటీన్, కణం తయారుచేసుకున్న పి53ను ఎప్పటికప్పుడు పట్టి ముక్కలు చేయిస్తుంది. జన్యువు మాత్రం చెక్కుచెదరదు. రేడియేషన్, మందు కలిసి కణాన్ని అతలాకుతలం చేసినప్పుడు కాస్త పి53 మిగిలినా చాలు, అది తన పని తాను చేస్తుంది. పైగా ఈ కణాలు తెగిన డీఎన్‌ఏను అతికించుకోవడంలో వెనుకబడి ఉంటాయని ప్రయోగశాలల్లో తేలింది. అంటే దెబ్బ తగిలితే కోలుకోలేవు, చావమంటే కాదనలేవు.

రెండో కారణం మన రక్షణ వ్యవస్థే. పొగాకు క్యాన్సర్ కణం ఎంత చెడినా మన సొంత కణమే, దాన్ని పరాయిదని గుర్తుపట్టడం కష్టం. వైరస్ క్యాన్సర్ కణం బతకాలంటే వైరస్ ప్రొటీన్లను తయారుచేస్తూనే ఉండాలి, అవి మాత్రం పక్కా పరాయి సరుకు. మైక్రోస్కోపు కింద చూస్తే ఇలాంటి గడ్డల్లో రక్షణ కణాలు గుంపులుగా చేరి ఉండటం తరచుగా కనిపిస్తుంది. ఇక మూడోది రోగి శరీరం. పొగతాగిన గొంతులో ఒకచోట గడ్డను పోగొట్టినా చుట్టూ ఉన్న పొర అంతా చెడే ఉంటుంది. కొన్నేళ్లకు పక్కనే ఇంకొకటి లేవొచ్చు. ఊపిరితిత్తులూ గుండే దెబ్బతిని ఉంటాయి. వైరస్ రోగులు సగటున వయసులో చిన్నవారు, మిగతా ఒళ్లు బాగున్నవారు, ఏడు వారాల చికిత్సను తట్టుకోగలిగినవారు.

మరి వైరస్ ఉన్నవాడు పొగ కూడా తాగితే? ఈ ప్రశ్నకు ఆ ట్రయల్ ఇచ్చిన జవాబును మన దగ్గర ప్రతి క్యాన్సర్ వార్డు గోడ మీదా రాయాలి. రోజుకో ఇరవై సిగరెట్ల పెట్టె చొప్పున పదేళ్లు తాగడాన్ని పరిశోధకులు గీతగా పెట్టుకున్నారు. రోజుకు పది చొప్పున ఇరవై ఏళ్లు తాగినా లెక్క అంతే. వైరస్ ఉండి ఆ గీత దాటనివారిలో మూడేళ్లకు నూటికి 93 మంది బతికున్నారు. వైరస్ ఉన్నా గీత దాటి, మెడ గ్రంథులకు జబ్బు ఎక్కువగా పాకినవారిలో ఆ సంఖ్య 71 దగ్గరికి పడిపోయింది. వైరస్ లేకుండా బాగా పొగ తాగినవారిలో సగం మంది కూడా మిగలలేదు, 46 మందే. పొగాకు చేర్చే కొత్త జన్యు దోషాలు, వైరస్ క్యాన్సర్‌కున్న లొంగే గుణాన్ని తినేస్తాయి. చికిత్స జరుగుతుండగా తాగే సిగరెట్ మరో నష్టం చేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. ఆక్సిజన్ అందని గడ్డ మీద రేడియేషన్ సరిగా పనిచేయదు.

ఫలితాలు ఇంత బాగుంటే చికిత్స తగ్గించవచ్చు కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. ఆ చికిత్స తేలికైంది కాదు మరి. ఊళ్లలో కరెంటు పెట్టడం అనే ఈ రేడియేషన్‌తో నోరు పుండవుతుంది, లాలాజలం ఎండిపోతుంది, కొందరికి ఏళ్ల తరబడి అన్నం ముద్ద దిగదు. సిస్‌ప్లాటిన్‌తో వినికిడి తగ్గవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అందుకే దాని బదులు సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. ఒకటి యూరప్‌లో, ఒకటి ఉత్తర అమెరికాలో జరిగిన రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు 2018 చివర్లో వచ్చాయి. కొత్త మందుతో బాధలు తగ్గలేదు సరికదా, జబ్బు తిరగబెట్టినవారూ చనిపోయినవారూ ఎక్కువయ్యారు. లొంగే జబ్బును కూడా పూర్తి చికిత్సే లొంగదీస్తోంది. వైరస్ రకమే కదా అని నాలుగు వారాలకే ఇంటికి వెళ్లిపోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఎవరిది ఏ రకమో ఎలా తెలుస్తుంది? బయాప్సీ ముక్క మీద పి16 అనే పరీక్ష చేస్తారు. వైరస్ పట్టిన కణాల్లో పి16 ప్రొటీన్ విపరీతంగా పోగవుతుంది. ప్రత్యేకమైన రంగు వేస్తే ఆ కణాలు గోధుమ రంగులో కనిపిస్తాయి. నూటికి 70 కణాలకు తగ్గకుండా గాఢంగా రంగు పడితే పాజిటివ్ అంటారు. 2017లో వచ్చిన కొత్త వర్గీకరణలో మధ్య గొంతు క్యాన్సర్ స్టేజీలను కూడా పి16 ప్రకారం విడదీశారు. పాత లెక్కలో నాలుగో స్టేజీ అని చెప్పి ఇంటిల్లిపాదినీ ఏడిపించిన జబ్బు, పి16 పాజిటివ్ అయితే కొత్త లెక్కలో చాలాసార్లు మొదటి స్టేజీలోకే వస్తుంది.

అయితే పి16 వైరస్ కాదు, దాని నీడ. 2023లో వేలమంది రోగుల వివరాలు కలిపి చూస్తే నూటికి తొమ్మిది మందిలో పి16 ఒకటి చెబితే అసలు వైరస్ పరీక్ష ఇంకొకటి చెప్పింది. పి16 ఉండి వైరస్ లేనివారి ఫలితాలు అంత బాగా లేవు. వైరస్ వాటా తక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ పొరపాటు ఎక్కువ. గొంతు క్యాన్సర్లలో అధిక భాగం ఇప్పటికీ పొగాకువే అయిన మన దేశంలో ఈ మాట గుర్తుంచుకోవాలి. పి16 పాజిటివ్ వచ్చిన రోగికి బీడీల చరిత్ర కూడా ఉంటే, నేరుగా వైరస్‌ను వెతికే పరీక్షను కూడా అడగడం మంచిది.

వైరస్ రకం బయటపడే తీరు కూడా మోసపుచ్చుతుంది. గొంతు నొప్పి ఉండదు, మాట మారదు. గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన నొప్పిలేని గడ్డ చేతికి తగులుతుంది. అసలు క్యాన్సర్ టాన్సిల్ గుంటలో శనగగింజంత ఉండి, మెడ గ్రంథికి పాకినది నిమ్మకాయంత ఉండొచ్చు. సూది పెడితే ఒక్కోసారి నీరు వస్తుంది. నీటిబుడగేనని, ఏమీ కాదని ఊరడించి పంపేయడం ఇక్కడే జరుగుతుంది. నలభై దాటినవారి మెడలో అలాంటి గడ్డ రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, అది క్యాన్సర్ కాదని రుజువయ్యేదాకా వదలకూడదు. పొగ అలవాటు లేదు కాబట్టి మనకు రాదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

మీ ఇంట్లో ఎవరికైనా టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో క్యాన్సర్ అని రిపోర్టు వస్తే, అందులో పి16 ఫలితం ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టరును అడగండి. దానికోసం మళ్లీ ముక్క కోయనక్కర్లేదు. మొదటిసారి తీసిన ముక్క ఆ ల్యాబులో మైనపు దిమ్మలో ఉంటుంది, దాని మీదే ఈ పరీక్ష చేస్తారు.