మూడు రూపాయల వడ్డీ మీద అమ్మానాన్నలకు ఒక ఉత్తరం

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ ఇస్తామన్న పథకంలో తల్లిదండ్రులు దాచిన డబ్బును వెనక్కి తీసుకోమని విదేశంలో ఉన్న కూతురు రాసే ఉత్తరం చాలాసార్లు పని చేయదు. "మోసం, వెంటనే తీసేయండి" అన్న మాటకు వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రతి నెలా ఐదో తేదీకల్లా డబ్బు అందుతోంది. పైగా కట్టించుకున్నది బయటివాడు కాదు, వరసకు బాబాయి. ఉత్తరం తేల్చాల్సింది ఈ రెండు విషయాలనే.

ఉదాహరణకు, నరసరావుపేటలో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతులు పదవీ విరమణ డబ్బులో 20 లక్షలు అలాంటి కంపెనీలో పెట్టారనుకుందాం. నెలకు 60 వేలు వస్తోంది. డాలస్‌లో ఉన్న కూతురు మొదట ఈ లెక్కే రాయాలి: "నాన్నా, ఎనిమిది నెలల్లో మీకు వచ్చింది 4 లక్షల 80 వేలు. వాళ్లు ఏ వ్యాపారమూ చేయకుండా మీ 20 లక్షలు బీరువాలో పెట్టుకున్నా, అందులోంచే 33 నెలలు ఇలాగే ఇవ్వగలరు." వడ్డీ సక్రమంగా రావడం కంపెనీకి లాభం వస్తోందనడానికి రుజువు కాదని ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. కొత్తగా చేరేవాళ్ల డబ్బు తోడైతే ఈ చెల్లింపులు ఇంకా చాలాకాలం సాగుతాయి. చేరేవాళ్లు తగ్గిన నాడు ఒక్కసారిగా ఆగిపోతాయి.

తర్వాత చూడాల్సింది అనుమతి. గోడకు తగిలించిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కంపెనీ పుట్టిందని మాత్రమే చెబుతుంది, జనం దగ్గర డిపాజిట్లు తీసుకునే హక్కు దానివల్ల రాదు. డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు కూడా రిజర్వు బ్యాంకు ఏడాదికి 12.5 శాతం మించి వడ్డీ ఇవ్వకూడదని పరిమితి పెట్టింది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. అంత ఇస్తామంటున్న సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు నడిపే sachet.rbi.org.in లో చూడవచ్చు.

బాబాయి సంగతి నెమ్మదిగా రాయాలి. అతణ్ని దొంగ అంటే తల్లిదండ్రులు అతని పక్షాన నిలబడతారు. సాధారణంగా ఏజెంటు కూడా తన డబ్బు పెట్టి, నమ్మి, మరొకరిని చేర్పించినవాడే. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌కు పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు ఏర్పడింది ఇలాంటి పరిచయాల మీదే. చెల్లింపులు ఆగాక ఊళ్లో జనం ముందుగా నిలదీసింది ఆ ఏజెంట్లనే. పది వేల లోపు కట్టినవాళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సొమ్ము అందింది 2019లో, ఇరవై వేల లోపు వాళ్లకు 2021లో. లక్షలు పెట్టినవాళ్లు ఇంకా ఎదురుచూడాల్సి వచ్చింది. అనుమతి లేని డిపాజిట్లు కట్టమని అడిగేవారికి 2019 నాటి నిషేధ చట్టం ఏడాది నుంచి ఐదేళ్ల జైలు విధిస్తుంది. ఈ మాట బాబాయికి చెప్పడం అతని మేలుకే.

ఇక డబ్బు తీసే పద్ధతి. ముందు ఐదు లక్షలు వెనక్కి ఇవ్వమని కాగితం మీద రాసిచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోవాలి. సొమ్ము బ్యాంకు ఖాతాలోకే రావాలి. "ఇప్పుడు తీస్తే నష్టం, నాలుగు రూపాయలు చేస్తాం", "బదులుగా ప్లాటు రాసిస్తాం", "మూడు నెలల తర్వాతి తేదీతో చెక్కు తీసుకోండి" అన్నారంటే చేతిలో సొమ్ము లేదనే అర్థం చేసుకోవాలి. అడిగిన వెంటనే ఇస్తే మాత్రం ఆగకుండా మిగతాది కూడా అడగాలి. బాండ్లు, రసీదుల అసలు కాగితాలను పూర్తి సొమ్ము అందేదాకా ఇవ్వకూడదు.

ఉత్తరంలో చాలామంది వదిలేసేది నెలసరి ఆదాయం మాట. పోస్టాఫీసులోనూ బ్యాంకుల్లోనూ ఉండే సీనియర్ సిటిజన్ పొదుపు పథకం వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి చేరింది. ఒక్కొక్కరు 30 లక్షల దాకా పెట్టవచ్చు. ఆ రేటుకు 20 లక్షల మీద మూడు నెలలకొకసారి 41 వేలు వస్తుంది, అంటే నెలకు పదమూడు వేల ఏడు వందల లోపు. అరవై వేలకు అలవాటుపడిన ఇంట్లో ఇది పెద్ద కోత. మందులకు, ఇంటి ఖర్చుకు ఎంత తక్కువ పడుతుందో అడిగి, తాను నెలనెలా పంపగలిగింది ఎంతో కూతురు అంకెతో సహా రాయాలి. అది రాయకపోతే తల్లిదండ్రులు ఆ ఏజెంటు మాటే వింటారు, ఎందుకంటే వాళ్ల ఖర్చు గురించి ఆలోచించినవాడు అతనొక్కడే అవుతాడు.

కంపెనీ డబ్బు ఇవ్వకపోతే సచేత్‌లోనూ స్థానిక పోలీసుల దగ్గరా ఫిర్యాదు చేయాలి. 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టం కింద ప్రభుత్వం ఆ సంస్థ ఆస్తులను జప్తు చేయించగలదు. మిగిలిన ఆస్తి అమ్మాకే పంపకం జరుగుతుంది. జప్తు నాటికి ఆస్తులు అప్పులపాలయితే చేతికొచ్చేది ఆ మేరకు తగ్గుతుంది కనుక, మొదటి వాయిదా తప్పిన వారంలోనే ఫిర్యాదు చేరడం మంచిది.