సీసాలో గాలికి కిరాయి

చేతిలో ఐదారు వేలే ఉంటే పాత సామాన్ల వ్యాపారంలో ఇనుము, రాగి జోలికి పోకండి. వాటికి పెట్టుబడీ కావాలి, పోటీ కూడా ఎక్కువ. అపార్టుమెంట్లలో, ఫంక్షన్ హాళ్ల దగ్గర దొరికే నీళ్ల సీసాలు మేలు. ఓ తూకం యంత్రం, నాలుగు గోనె సంచులు, చేతి తొడుగులతో మొదలుపెట్టవచ్చు.

లాభమంతా వేరు చేయడంలోనే ఉంది. నీళ్ల సీసా పెట్ ప్లాస్టిక్, అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటుంది. మూత వేరే రకం, సాధారణంగా 2 లేదా 5. అంకె చెరిగిపోతే ముక్క కోసి బకెట్ నీళ్లలో వేయండి. మూత తేలుతుంది, పెట్ మునుగుతుంది. చిక్కేమిటంటే 3 అంకె ఉండే పీవీసీ కూడా మునుగుతుంది. కరిగించేటప్పుడు ఆ కాస్తా కలిస్తే ఆమ్లం విడుదలై పెట్ మొత్తం పసుపెక్కుతుంది. అందుకే పెద్ద కొట్టువాళ్లు సంచి విప్పి చూస్తారు, తేడా కనిపిస్తే ధర కోసేస్తారు. పీవీసీని వంచితే మడతపై తెల్లటి గీత పడుతుంది. సీసా అడుగున నడిమధ్య గుండ్రటి చుక్క ఉంటే సాధారణంగా పెట్, అతుకు గీత ఉంటే అనుమానించాలి. రంగు సీసాలు, నూనె జిడ్డు పట్టినవి కూడా విడిగానే ఉంచాలి. తెల్లవాటికే మంచి రేటు.

ఇక అసలు ఖర్చు దగ్గరికి వద్దాం. ఒక్కో లీటరు సీసా దాదాపు 25 గ్రాములు, అంటే కిలోకు నలభై. లోపల ఉన్నదంతా గాలే! కిలో 12 రూపాయలకు కొని 20కి అమ్ముతున్నారనీ, ఆటో కిరాయి 400 రూపాయలనీ అనుకుందాం. ఉబ్బిన సీసాలు ట్రిప్పుకు 50 కిలోలే పడితే మిగులు 400, అది కిరాయికే సరి. మూత తీసి తొక్కేసి అదే ఆటోలో 150 కిలోలు పట్టించగలిగితే మిగులు 1,200. కిరాయి పోను 800. కాలితో తొక్కడమే ఇక్కడ యంత్రం. రేట్లు మారుతుంటాయి కనుక కొనే ముందు ఇద్దరు ముగ్గురు కొట్టువాళ్లను అడిగి, అమ్మే ధర చూసుకొని కొనే ధర చెప్పండి.

సరుకు ఇంట్లో పోగేయవద్దు. ప్లాస్టిక్ నిప్పంటుకుంటే ఆపడం కష్టం, తీపి పానీయాల సీసాలకు చీమలు, ఎలుకలు వస్తాయి. అపార్టుమెంటు సంఘంతో మాట్లాడి వాచ్‌మన్ గది పక్కన ఓ సంచి వేలాడదీయించుకుంటే, వారానికోసారి వెళ్లి ఎత్తుకొస్తే చాలు. ఇప్పటికే అక్కడ సీసాలు ఏరుకుంటున్న పారిశుద్ధ్య కార్మికులు ఉంటే వాళ్ల దగ్గరే కొనండి. వాళ్ల నోటికాడ కూడు లాక్కోవడమూ ఉండదు, సరుకూ ఆగదు.