నూట ఇరవైకి బదులు నూట ఎనభై తెప్పిస్తే?

ఓ బియ్యం కొట్టుకు ఏడాదికి 3,600 బస్తాలు కావాలనుకుందాం. ఆర్డరు పెట్టినప్పుడల్లా బండి కిరాయి 200 రూపాయలు. బస్తా ఏడాదంతా నిల్వ ఉంటే వడ్డీ, గోదాము అద్దె కలిపి 100. ఫోర్డ్ హారిస్ 1913లో ప్రచురించిన సూత్రం ప్రకారం ఒక్కోసారి 120 బస్తాలు తెప్పించాలి. సగటున ఆర్డరులో సగం సరుకు నిల్వ ఉంటుంది కాబట్టి నిల్వకు 6,000, కిరాయికి 6,000.

180 తెప్పిస్తే? నిల్వ ఖర్చు 9,000కు ఎగబాకుతుంది, కిరాయి 4,000కు దిగుతుంది. ఆర్డరు ఒకటిన్నర రెట్లయినా మొత్తం ఖర్చు పెరిగింది ఎనిమిది శాతమే. సగానికి తగ్గించడం మాత్రం అంత చవక కాదు: 60 అయితే 15,000.

లెక్కలోకి వెళ్లే అంకె తప్పినా, సూత్రంలోని వర్గమూలం దెబ్బను తగ్గిస్తుంది. హమాలీ కూలి కూడా కలిపేసి ఆర్డరు ఖర్చు 800 అనుకున్నా, ఆర్డరు రెట్టింపే అవుతుంది. అసలు ఖర్చు 15,000 దాటదు. బస్తాకింత చొప్పున ఇచ్చే ఆ కూలి ఎన్నిసార్లు తెప్పించినా మారదు.