నల్ల పట్టీల లెక్క

1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. ఇవాళ దాన్ని 55 అంగుళాల టీవీలో పెడితే బొమ్మకు పైన మూడుంపావు అంగుళాలు, కింద మరో మూడుంపావు అంగుళాల మేర తెర నల్లగా మిగిలిపోతుంది. అదే టీవీలో 1957 నాటి నలుపు తెలుపు ‘మాయాబజార్’ పెడితే వ్యవహారం తిరగబడుతుంది. పైనా కిందా బొమ్మ నిండుగా ఉంటుంది గానీ, కుడి ఎడమల అయిదున్నర అంగుళాల చొప్పున ఖాళీ కనిపిస్తుంది. ఇంత డబ్బు పోసి పెద్ద టీవీ కొన్నది ఈ నలుపు చూడటానికా అని రిమోట్ అందుకుని ‘జూమ్’ నొక్కేవాళ్లు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. నొక్కగానే పట్టీలు పోతాయి. వాటితోపాటు ఇంకేం పోయిందో మాత్రం తెర మీద కనిపించదు.

పైనా కిందా వచ్చే పట్టీలను లెటర్‌బాక్స్ అంటారు. పాశ్చాత్య దేశాల్లో ఉత్తరాలు లోపలికి వేయడానికి ఇంటి తలుపులోనే అడ్డంగా ఒక సన్నటి సందు ఉంటుంది. నలుపు మధ్య వెడల్పుగా, పొట్టిగా కనిపించే బొమ్మ ఆ సందులా ఉంటుంది కాబట్టి ఆ పేరు. పక్కల వచ్చేవి పిల్లర్‌బాక్స్. బ్రిటన్ వీధుల్లో స్తంభంలా నిలబడి ఉండే ఎర్ర పోస్టు డబ్బా పేరది. అలాంటి గుండ్రటి ఎర్ర డబ్బాలు మన ఊళ్లలోనూ చాలామందికి తెలిసినవే.

రెండింటికీ కారణం ఒక్కటే, వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె. దాన్నే ఆస్పెక్ట్ రేషియో అంటారు. 55 అంగుళాల టీవీ అంటే మూల నుంచి మూలకు 55 అంగుళాలు. అసలు తెర వెడల్పు సుమారు 48 అంగుళాలు, ఎత్తు 27. భాగిస్తే 1.78 వస్తుంది. టీవీ పెట్టె మీద 16:9 అని రాసి ఉండేది ఇదే. స్కోప్ సినిమా అంకె సుమారు 2.35. బొమ్మను 48 అంగుళాల వెడల్పుకు సాగనిస్తే, దాని ఎత్తు 48ని 2.35తో భాగించినంత, అంటే ఇరవై అంగుళాల పైచిలుకు మాత్రమే అవుతుంది. తెర ఎత్తు 27. మిగిలిన ఆరున్నర అంగుళాలను టీవీ పైకీ కిందకీ సమానంగా పంచేస్తుంది. ‘మాయాబజార్’ అంకె 1.37. దాని బొమ్మ 27 అంగుళాల ఎత్తుకు చేరేసరికి వెడల్పు 37 దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన 11 అంగుళాలు పక్కలకు పోతాయి. సినిమా అంకె తెర అంకె కంటే పెద్దదైతే పట్టీలు పైనా కిందా, చిన్నదైతే పక్కల. ఇంతకు మించి ఇందులో రహస్యం లేదు.

మరి అందరూ ఒకే అంకెకు ఎందుకు కట్టుబడలేదు? ఒకప్పుడు కట్టుబడే ఉన్నారు. మూకీల కాలంలో ఫిల్ము మీది బొమ్మ 4:3, అంటే 1.33. టాకీలు వచ్చాక ఫిల్ము అంచున శబ్దానికి చోటివ్వాల్సి వచ్చి, 1932లో హాలీవుడ్ అకాడమీ దాన్ని 1.37గా స్థిరపరిచింది. టీవీ వచ్చినప్పుడు సినిమా ఆకారాన్నే అనుసరించి 4:3 తెర పెట్టుకుంది. అక్కడే పేచీ మొదలైంది. ఇంట్లో కూర్చుని బొమ్మలు చూడటం మొదలుపెట్టిన జనాన్ని మళ్లీ థియేటర్లకు రప్పించాలంటే, టీవీ చూపలేనిదేదో తెర మీద ఉండాలి. 1953లో ఫాక్స్ సంస్థ ‘ది రోబ్’తో సినిమాస్కోప్ తెచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ క్రెతియెన్ అంతకు చాలా ముందే కనిపెట్టిన కటకం దానికి ఆధారం. కెమెరా ముందు ఆ కటకం బొమ్మను పక్కల నుంచి సగానికి నొక్కి ఫిల్ము మీద వేస్తుంది. థియేటర్లో ప్రొజెక్టరు కటకం దాన్ని తిరిగి రెట్టింపు వెడల్పుకు సాగదీస్తుంది. మన దేశంలో గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ 1959లో ఈ పద్ధతిలో వచ్చింది. తెలుగుకు రావడానికి మరో పదిహేనేళ్లు పట్టింది.

అంటే, ఇంటి తెరకు అమరకూడదనే ఉద్దేశంతోనే వెడల్పు పెంచిన బొమ్మను ఇవాళ ఇంటి తెరకు అమర్చాలని చూస్తున్నాం.

పాత 4:3 టీవీల్లో ఇది మరీ కష్టంగా ఉండేది. స్కోప్ బొమ్మను పూర్తిగా చూపితే తెరలో 43 శాతం నల్లగా మిగులుతుంది. తెర నింపాలంటే బొమ్మలో 43 శాతం కోసేయాలి. చాలా ప్రసారాల్లో కోతే జరిగింది. ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశంలో ఒకరి ముక్కు, ఇంకొకరి చెవి కనిపించడం, మధ్యలో ఎవరూ లేని గోడ తెరంతా ఆక్రమించడం ఆ రోజుల్లో టీవీ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టైటిళ్లు మాత్రం ఒక్కోసారి సన్నగా, పొడుగ్గా సాగి కనిపించేవి. కోస్తే పేర్లు పోతాయి కాబట్టి అక్కడ మాత్రం నొక్కి ఇమిడ్చేవారు.

హై డెఫినిషన్ టీవీకి కొత్త ఆకారం నిర్ణయించాల్సి వచ్చినప్పుడు ఈ తగువు తీర్చడానికి ఒక ఇంజనీరు చేసిన పని ముచ్చటైనది. ఆయన పేరు కెర్న్స్ పవర్స్. అమెరికాలో సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘం తరఫున 1980ల తొలి భాగంలో ఆయన ఈ సంగతి చేపట్టారు. అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నింటికీ ఒక్కో దీర్ఘచతురస్రం తీసుకున్నారు. కొలతలు వేరైనా అన్నింటి వైశాల్యం ఒకటే. వాటిని నడిమి బిందువు కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చారు. అన్నింటినీ చుట్టేసే బయటి చట్రం ఎంతుందో కొలిస్తే సుమారు 1.77 వచ్చింది. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగాన్ని కొలిచినా అంతే వచ్చింది. 16ను 9తో భాగించినా ఇంచుమించు అదే.

ఆ అంకెలోని న్యాయం పట్టీల్లోనే కనిపిస్తుంది. 16:9 తెర మీద 4:3 బొమ్మ పెడితే సరిగ్గా పావు భాగం నల్లగా మిగులుతుంది. 2.35 స్కోప్ బొమ్మ పెట్టినా దాదాపు పావు భాగమే మిగులుతుంది. పాత టీవీ కార్యక్రమం, కొత్త స్కోప్ సినిమా రెండూ సమానంగా నష్టపోయేలా తెర ఆకారాన్ని ఎంచుకున్నారు. కాబట్టి నల్ల పట్టీలు టీవీ కంపెనీ లోపం కాదు, ప్రసారంలో పొరపాటూ కాదు. ఒకే తెర మీద అన్ని కాలాల బొమ్మలూ చూడటానికి ముందే లెక్కగట్టి ఒప్పుకున్న ఖర్చు అది.

ఆ ఖర్చు వద్దనుకుంటే రెండే దారులు, కోయడం లేదా సాగదీయడం. ‘అల్లూరి సీతారామరాజు’ను 27 అంగుళాల ఎత్తుకు జూమ్ చేస్తే బొమ్మ వెడల్పు 63 అంగుళాలు దాటుతుంది. తెర 48 దగ్గరే ఆగుతుంది కాబట్టి పక్కల ఉన్న దాదాపు పావు వంతు బొమ్మ గోడ మీదికి పోయినట్టే. స్కోప్ తీసే ఛాయాగ్రాహకుడు మనుషుల్ని ఆ అంచుల దాకా నిలబెడతాడు. ‘మాయాబజార్’ను జూమ్ చేస్తే పైనా కిందా కలిపి 23 శాతం తెగుతుంది. పౌరాణికంలో ముందు ఎగిరిపోయేది కిరీటాల కొస. అదే చిత్రాన్ని రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసినప్పుడు సినిమాస్కోప్ వెడల్పుకు తెచ్చారు. 1.37 బొమ్మను సాగదీయకుండా ఆ వెడల్పుకు తేవాలంటే ఎత్తులో 42 శాతం వదులుకోవాలి. మార్కస్ బార్ట్‌లే పెట్టిన ఫ్రేము ఏదో తెలుసుకోవాలనుకునేవారు పక్కల నల్ల పట్టీలున్న నలుపు తెలుపు ప్రతినే చూడాలి.

సాగదీస్తే ఏమీ తెగదు, కానీ మనుషులు లావెక్కుతారు. 37 అంగుళాల బొమ్మను 48కి లాగితే ప్రతి ముఖం 30 శాతం వెడల్పవుతుంది. దీన్ని పట్టుకోవడానికి కొలత టేపు అక్కర్లేదు. గుండ్రటిదేదైనా చూడాలి. ఘటోత్కచుడు పెళ్లి విందు ఆరగించే సన్నివేశంలో లడ్డూలు కోడిగుడ్డు ఆకారంలో కనిపిస్తే టీవీ సాగదీస్తోందన్నమాట. రథచక్రం, గోడ గడియారం, నుదుటి బొట్టు, ఏదైనా సాక్ష్యమే.

నాలుగు వైపులా నలుపు కనిపించినప్పుడు మాత్రం కథ వేరు. అది నిజంగానే ఎక్కడో జరిగిన తప్పు. స్కోప్ సినిమాను ఎవరో ఒకప్పుడు 4:3 వీడియోగా మార్చి, పైనా కిందా పట్టీలను బొమ్మలో భాగంగానే ముద్రించేశారు. టీవీకి ఆ నలుపు కూడా బొమ్మే. 4:3 వీడియో వచ్చిందనుకుని పక్కలకు తన పట్టీలు కలుపుతుంది. 48 అంగుళాల తెర మధ్యలో 36 అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు ఉన్న బొమ్మ మిగులుతుంది. తెరలో 57 శాతం వృథా. జూమ్ బటన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మూడింట ఒక వంతు పెంచితే బొమ్మ అంచులు తెర అంచులకు సరిగ్గా తగులుతాయి, తెగేది ముద్రించిన నలుపు మాత్రమే.

సెల్‌ఫోను ఈ లెక్కను మళ్లీ కలిపేసింది. అడ్డంగా పట్టుకున్న ఫోను తెర ఇప్పుడు చాలావాటిలో 20:9, అంటే 2.22. టీవీలో తెర నిండుగా కనిపించే ధారావాహిక ఫోనులో పక్కల పట్టీలతో వస్తుంది. టీవీలో మందపాటి పట్టీలు తెచ్చే స్కోప్ సినిమా ఫోనులో సన్నటి గీతల్లాంటి నలుపుతో సరిపెట్టుకుంటుంది. ఫోను నిలువుగా పట్టుకుని తీసిన వీడియో టీవీలో మూడో వంతు తెర కూడా నింపదు. వార్తా ఛానళ్లు ఆ ఖాళీలో అదే దృశ్యాన్ని మసకగా సాగదీసి వేస్తుంటాయి. నలుపు కనపడకూడదన్న తాపత్రయమే తప్ప దానివల్ల చూసేవారికి ఒరిగేది లేదు. చూపు అసలు బొమ్మ మీద నిలవదు.

టీవీ సెట్టింగుల్లో బొమ్మ పరిమాణం దగ్గర Original, Just Scan, Fit to Screen లాంటి పేర్లలో ఒకటి ఉంటుంది. హెచ్‌డీ ప్రసారాలకు దాన్ని పెట్టి వదిలేస్తే బొమ్మ దాని ఆకారంలోనే, అంచులు తెగకుండా వస్తుంది. గదిలో దీపం ఆర్పితే కొన్ని టీవీల్లో పట్టీలు నలుపుగా కాక బూడిదరంగులో మెరుస్తాయి. తెర వెనక వెలుగు కొంత బయటికి రావడమే అందుకు కారణం. టీవీ వెనక గోడ మీద చిన్న దీపం పెడితే కంటికి ఆ తేడా తగ్గుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి ఇంట్లో ఉన్న పాత పెళ్లి క్యాసెట్లు. 1980లు, 90లలో వీహెచ్ఎస్ మీద తీసిన ఆ వీడియోలన్నీ 4:3. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు కొన్ని దుకాణాల్లో ‘ఫుల్ స్క్రీన్ చేసిస్తాం’ అంటారు. సాగదీసి ఇస్తే ఎప్పుడైనా తిరిగి నొక్కి సరిచేసుకోవచ్చు. కోసి ఇచ్చి క్యాసెట్ పారేస్తే, పందిట్లో వెనక వరుసలో నిలబడ్డ తాతయ్య ముఖం ఇక దొరకదు. కోయకుండా, సాగదీయకుండా, నలుపు కలపకుండా 4:3లోనే ఇమ్మని క్యాసెట్ చేతికిచ్చే ముందే చెప్పండి. పక్కల పట్టీలు మీ టీవీయే వేసుకుంటుంది.