హారంలో నాలుగు, పోల్‌లో మూడు

sin z / z⁴ అనే ప్రమేయం z = 0 దగ్గర ఎలా ఉంటుందని అడిగితే, హారంలోని నాలుగో ఘాతం చూసి ‘నాలుగో ఆర్డరు పోల్’ అనేయడం సులువు. నిజానికి అది మూడో ఆర్డరు పోల్. ఆ ఒక్క మెట్టు ఎక్కడ తగ్గిందో చెప్పేదే లారెంట్ శ్రేణి.

ఇక్కడ z అంటే x + iy రూపంలోని సంకీర్ణ సంఖ్య. ఒక బిందువు దగ్గర ప్రమేయం చెడి, దాని చుట్టూ ఏదో ఒక చిన్న వృత్తం లోపల మిగతా అన్నిచోట్లా అవకలనీయంగా ఉంటే, ఆ బిందువును ఐసోలేటెడ్ సింగ్యులారిటీ అంటాం. ‘ఐసోలేటెడ్’ అన్న షరతు ఊరికే పెట్టింది కాదు. 1/sin(1/z) తీసుకోండి. అది z = 1/π, 1/2π, 1/3π... దగ్గరల్లా చెడుతుంది. ఆ బిందువులన్నీ సున్నా వైపే గుమిగూడతాయి కాబట్టి, సున్నా చుట్టూ ఎంత చిన్న వృత్తం గీసినా లోపల ఇంకా కొన్ని మిగులుతాయి. అక్కడ ఈ పద్ధతి పనిచేయదు.

చెడిన బిందువు చుట్టూ టేలర్ శ్రేణి రాయలేం, అందులో రుణ ఘాతాలకు చోటు లేదు. వాటికి చోటిచ్చిన వ్యాసాన్ని ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన పియర్ అల్ఫోన్స్ లారెంట్ 1843లో పారిస్ అకాడమీకి పంపాడు. పోటీ గడువు అప్పటికే దాటిపోయింది. దాన్ని అచ్చు వేయాలని కోషీ సిఫారసు చేసినా, 1854లో లారెంట్ చనిపోయేనాటికి అది వెలుగు చూడలేదు. ఆ శ్రేణి ఈనాటికీ ఆయన పేరుతోనే నిలిచినందుకు సంతోషమనిపిస్తుంది.

ఇప్పుడు మన ప్రమేయానికి వద్దాం. sin z = z − z³/6 + z⁵/120 − ... అని మనకు తెలుసు. ప్రతి పదాన్నీ z⁴తో భాగిస్తే,

sin z / z⁴ = 1/z³ − 1/(6z) + z/120 − ...

లవంలోని sin z కూడా సున్నా దగ్గర సున్నా అవుతుంది, అందుకే హారంలోని ఒక z కొట్టుకుపోయింది. రుణ ఘాతాల్లో అతి పెద్దది మూడోది కాబట్టి ఇది మూడో ఆర్డరు పోల్. రుణ ఘాతాలే లేకపోతే అది తొలగించదగిన సింగ్యులారిటీ. Sin z / z అలాంటిది, సున్నా దగ్గర దానికి 1 అని విలువ ఇస్తే చాలు. రుణ ఘాతాలు అనంతంగా సాగితే ఎసెన్షియల్, e^(1/z) అలాంటిది.

రెసిడ్యూ అంటే 1/z పదం గుణకం, ఇక్కడ −1/6. పెద్ద ఘాతమైన 1/z³ ముందున్న 1ని రెసిడ్యూగా రాయడం తరచూ జరిగే తప్పు. సున్నా చుట్టూ వృత్తం మీద ఒక చుట్టు అపసవ్య దిశలో సమాకలనం చేస్తే 1/z³తో సహా మిగతా ఘాతాలన్నీ సున్నా ఇస్తాయి, 1/z మాత్రమే 2πi ఇస్తుంది. అందుకే దాని గుణకానికే ఆ విలువ. మన ప్రమేయానికి ఆ సమాకలనం 2πi × (−1/6) = −πi/3.

శ్రేణి రాయడం కష్టమైనప్పుడు సూత్రం ఉంది. పోల్ ఆర్డరు m అయితే ప్రమేయాన్ని zᵐతో గుణించాలి. అప్పుడు రుణ ఘాతాలు పోయి, 1/z పదం z^(m−1) పదంగా మారుతుంది. దాని గుణకం కోసం (m−1) సార్లు అవకలనం చేసి, z = 0 పెట్టి, (m−1)!తో భాగిస్తాం. సింగ్యులారిటీ a దగ్గరుంటే z బదులు (z − a)తో గుణించి z = a పెట్టాలి. ఆ క్రమగుణితాన్ని మరిచిపోతే జవాబు అన్ని రెట్లు తప్పుతుంది.

మనకు m = 3. sin z / zని రెండుసార్లు అవకలనం చేసి z సున్నాను సమీపించేటప్పటి విలువ చూస్తే −1/3, 2!తో భాగిస్తే −1/6. శ్రేణితో సరిపోయింది. అయితే భాగహారాన్ని రెండుసార్లు అవకలనం చేయడం కొంచెం చిరాకు పని.

మొదట చెప్పిన తప్పు లెక్కనే, m = 4నే పెట్టి చూడండి. z⁴తో గుణిస్తే మిగిలేది ఉత్త sin z. మూడుసార్లు అవకలనం చేస్తే −cos z, సున్నా దగ్గర −1, 3! అంటే 6తో భాగిస్తే మళ్లీ −1/6! ఆర్డరు ఎక్కువ అనుకున్నా రెసిడ్యూ చెడదు, ఎందుకంటే అప్పుడు కూడా రుణ ఘాతాలన్నీ పోయాయి, మనం వెతికే గుణకం ఒక మెట్టు పైకి జరిగిందంతే. ఇక్కడైతే పని తేలికైంది కూడా.

తక్కువ అనుకుంటేనే చిక్కు. m = 2 పెడితే మిగిలేది sin z / z². సున్నాను సమీపించేకొద్దీ అది 1/z లాగా హద్దు లేకుండా పెరుగుతుంది. కాబట్టి అవకలనం మొదలుపెట్టకముందే, గుణించగా వచ్చినదానికి ఆ బిందువు దగ్గర పరిమితమైన అవధి ఉందో లేదో చూడాలి. లేకపోతే mను ఒకటి పెంచి మళ్లీ చూడాలి.